చెరిగిపోయిన పీఎఫ్ కార్డు, పాత ఫోన్, ఒక రిటైర్డ్ క్లర్క్: పదో సీజన్‌ను ఇలా చదివారు

ఫోన్ కెమెరాతో ఫొటో తీసి, అందులోని అక్షరాల్ని కాపీ చేసుకోవడం ఇప్పుడు ఎవరికైనా తెలిసిన పనే. షాపు బిల్లు, విజిటింగ్ కార్డు, పుస్తకంలో ఓ పేజీ... లెన్స్ తెరిచి చూపిస్తే రెండు సెకన్లలో టెక్స్ట్ వచ్చేస్తుంది. కానీ పాతికేళ్ల కిందటి, మడతలు పడి, ఇంకు వెలిసిపోయిన, చేత్తో రాసిన పీఎఫ్ కార్డు ముందు పెడితే? అప్పుడూ రెండు సెకన్లలోనే టెక్స్ట్ వస్తుంది. అందులో ఏది తప్పో మాత్రం ఫోన్ చెప్పదు.

నిజామాబాద్ టౌన్‌లో పక్కపక్క ఇళ్లలో ఉండే ఇద్దరి కథ ఇది. ఒకరు ప్రభుత్వ ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ క్లర్క్‌గా చేసి రిటైరైన పెద్దాయన. సర్వీసు కాలమంతా రిజిస్టర్లతోనే గడిచింది. రెండో ఆయన బోధన్ వైపు ఓ చక్కెర మిల్లులో సీజనల్ వర్కర్‌గా చేసిన వ్యక్తి, ఇప్పుడు 58 నిండాయి. ఆయన పెద్దాయన్ని ‘సార్’ అంటారు, పెద్దాయన ఆయన్ని ‘తమ్మీ’ అంటారు. ఇద్దరి పేర్లూ, ఖాతా నంబర్లూ ఇక్కడ రాయడం లేదు. వాళ్లు పాటించిన పద్ధతి మాత్రం అడుగడుగునా చెప్తాం. మీ ఇంట్లో నాన్న పెట్టెలోనో, తాత ట్రంకు పెట్టెలోనో ఇలాంటి కాగితాలుంటే పనికొస్తుంది.

పది సీజన్లు ఎందుకంత ముఖ్యం?

నిజాంసాగర్ కాలువల నీళ్లతో చెరకు పండిన ప్రాంతం ఇది. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి, 2015 డిసెంబర్‌లో మూతపడింది. చుట్టుపక్కల ఇంకొన్ని మిల్లులూ నడిచాయి. ఏ మిల్లులోనైనా క్రషింగ్ చలికాలంలో మొదలై ఎండలు ముదిరేలోపు అయిపోతుంది. అందుకే పర్మినెంట్ వాళ్లతో పాటు సీజన్‌కు వచ్చి, సీజన్ అయ్యాక వెళ్లిపోయే కార్మికులు ఎక్కువ.

పీఎఫ్ ఉన్న ఉద్యోగులకు 1995 నవంబర్ 16 నుంచి ఎంప్లాయీస్ పెన్షన్ స్కీమ్ అమల్లోకి వచ్చింది. దీన్నే ఈపీఎస్-95 అంటారు. 58 ఏళ్లకు నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. సీజనల్ కార్మికులకు ఇందులో ఓ మంచి నిబంధన ఉంది. సీజన్‌లో పనిచేసింది నాలుగు నెలలే అయినా, ఆ సంవత్సరాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కేస్తారు. అంటే పది సీజన్లు చేస్తే పదేళ్లు.

మన తమ్ముడు 1996-97 నుంచి 2005-06 దాకా వరసగా పది సీజన్లు చేశాడు. మిల్లు మానేశాక పీఎఫ్ డబ్బు తీసుకున్నాడు గానీ, పెన్షన్ వాటా ముట్టుకోలేదు. ఆయన దగ్గర ఏడాదికొకటి చొప్పున పది వార్షిక కార్డుల కాపీలున్నాయి. వీటిని ఫారం 3ఏ అంటారు. తొమ్మిదింటి మీద సంవత్సరం కనిపిస్తోంది. పదో కార్డు సరిగ్గా సంవత్సరం రాసిన చోటే మడతపడి, ‘199’ తర్వాత అంకె అరిగిపోయింది.

ఈ ఒక్క అంకె మీద చాలా ఆధారపడి ఉంది. పదేళ్లు తేలితే జీవితాంతం పెన్షన్, ఆయన తర్వాత భార్యకు కుటుంబ పెన్షన్. జీతం ఎంత తక్కువ ఉన్నా 2014 సెప్టెంబర్ నుంచి కనీస పెన్షన్ నెలకు 1,000 రూపాయలు. తొమ్మిదేళ్లే అని తేలితే నెల పెన్షన్ ఉండదు, ఒకేసారి చేతికొచ్చే కొంత మొత్తమే.

ఫోన్‌లోని యాప్ ఆ సంవత్సరాన్ని 1996-97 అని చదివింది. 1996-97 కార్డు వేరేగా, స్పష్టంగా ఉంది. యాప్ మాట నమ్మితే ఒకే ఏడాదికి రెండు కార్డులు, మొత్తం తొమ్మిదే సీజన్లు.

మొదటి పాఠం: స్కానర్ యాప్‌కు ముందు మామూలు ఫొటో

తమ్ముడు మొదట చేసిన పని మనమంతా చేసేదే. స్కానర్ యాప్ తెరిచాడు, అది ఆటోమేటిక్‌గా కాగితాన్ని తెల్లగా, అక్షరాల్ని నల్లగా మార్చింది. చూడ్డానికి నీట్‌గా ఉంది. కానీ ఈ ‘ఎన్‌హాన్స్’ చేసే పని ఏమిటంటే, ఒక హద్దు కంటే లేతగా ఉన్నదాన్నంతా కాగితం కిందే లెక్కగట్టి తెల్లగా మార్చేస్తుంది. వెలిసిపోయిన గీతలు సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఉంటాయి. 8లో ఓ పక్క గీత పోతే 3లా మిగులుతుంది, 9 అడుగున వంపు పోతే 7 అనిపిస్తుంది.

అందుకే ముందు మామూలు కెమెరాతో కలర్ ఫొటో తీయించారు పెద్దాయన. ఫ్లాష్ ఆఫ్. పొద్దున కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట కార్డును బల్ల మీద పరిచి, ఫోన్‌ను దానికి సమాంతరంగా పట్టుకున్నారు. ఫోన్ నీడ కార్డు మీద పడకుండా కాస్త పైకి లేపి, 2ఎక్స్ జూమ్ పెట్టారు. దగ్గర నుంచి తీస్తే అంచులు వంగినట్టు వస్తాయి, దూరం నుంచి తీస్తే ఆ బాధ తక్కువ.

రిజల్యూషన్ లెక్క కూడా చూద్దాం. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే పొడవు వైపు సుమారు 4,000 పిక్సెళ్లు. ఏ4 కాగితం పొడవు 11.7 అంగుళాలు. ఫ్రేమ్ నిండా తీస్తే అంగుళానికి 340 పిక్సెళ్లు వస్తాయి. చేతిరాత చదవడానికి ఇది చాలు. అదే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపి, పొడవు 1,600 పిక్సెళ్లకు తగ్గిందనుకోండి, అంగుళానికి 137 మాత్రమే మిగులుతాయి. సన్నటి గీతలు పక్కనున్న కాగితం రంగులో కలిసిపోతాయి. ఎవరికైనా పంపాలంటే ‘డాక్యుమెంట్’గా పంపండి, ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది.

రెండో పాఠం: రంగుతోనే రంగును విడదీయడం

కార్డు కాగితం పసుపెక్కింది. అంకెలు నీలం బాల్‌పెన్‌తో రాసినవి, లేత నీలంగా మిగిలాయి. వాటి మీద ఎప్పుడో తనిఖీ చేసినవాళ్లు పెట్టిన ఎర్ర టిక్కులు. ఈ టిక్కుల వల్లే యాప్ చాలాచోట్ల 1ని 4గా, 2ని 8గా చదువుతోంది.

ఇక్కడ స్నాప్‌సీడ్ లాంటి ఎడిటర్ సరిపోతుంది. అందులో బ్లాక్ అండ్ వైట్ టూల్‌కు వెళ్తే కలర్ ఫిల్టర్లు కనిపిస్తాయి. ఎరుపు ఫిల్టర్ పెడితే ఎరుపు వెలుగు ఉన్నదంతా తెల్లబడుతుంది. పసుపు కాగితంలో ఎరుపు వెలుగు బాగా ఉంటుంది కాబట్టి అది తెల్లగా మారుతుంది. ఎర్ర టిక్కులు కాగితంలో కలిసిపోయి దాదాపు మాయమవుతాయి. నీలం ఇంకు ఎరుపును మింగేస్తుంది కాబట్టి నల్లగా తేలుతుంది. ఒకే దెబ్బకు మూడు పనులు.

అయితే ప్రతి ఇంకుకూ ఇదే ఫిల్టర్ పెడితే పని చెడుతుంది. పాత ఫౌంటెన్ పెన్ రాత గోధుమ రంగులోకి మారి ఉంటే, ఎరుపు ఫిల్టర్ దాన్ని ఇంకా చెరిపేస్తుంది. అప్పుడు నీలం ఫిల్టర్ వాడాలి. ఊదా రంగు కార్బన్ కాపీకి ఆకుపచ్చ ఫిల్టర్ మేలు. ఏది పెట్టాలో తెలియకపోతే, మీకు కచ్చితంగా తెలిసిన ఒక పదాన్ని, అంటే కార్డు మీది పేరునే, చూస్తూ ఫిల్టర్లు మార్చండి. పేరు ఎందులో బాగా నల్లబడితే అంకెలకూ అదే. ఇదంతా కాపీ మీదే చేయాలి, ఒరిజినల్ ఫొటో ఫైల్ అలాగే ఉండాలి.

మూడో పాఠం: కనిపించింది వేరు, లెక్క చెప్పింది వేరు

ఫొటో సిద్ధమయ్యాక తమ్ముడు అడిగిన ప్రశ్న మీకూ వచ్చే ఉంటుంది.

“సార్, ఫోనే చదువుతున్నది కదా, మళ్లా మనమెందుకు రాసుడు?”

“ఫోన్‌కు డౌటు రాదు తమ్మీ. నీకొస్తది. ఆ డౌటును కాగితం మీద పెట్టుడే మన పని” అన్నారు పెద్దాయన.

ఆయన పెట్టిన నియమం చిన్నది. కళ్లకు స్పష్టంగా కనిపించిన అంకెను మామూలుగా టైప్ చేయాలి. అనుమానంగా కనిపిస్తే చదరపు బ్రాకెట్‌లో పెట్టాలి. అసలు కనిపించకపోతే ప్రశ్నార్థకం. ఇది అయ్యేదాకా క్యాలిక్యులేటర్ ముట్టుకోకూడదు. ముందే లెక్క చేస్తే కన్ను ఆ అంకెనే చూడ్డం మొదలుపెడుతుంది, ఆ తర్వాత నిజంగా కనిపించిందో లేదో మనకే తెలియదు.

చేతిరాతకు ఇంకో చిట్కా కూడా చెప్పారాయన. ఒక కార్డంతా సాధారణంగా ఒకే మనిషి రాస్తాడు. కాబట్టి ఆ మనిషి 2 ఎలా రాస్తాడు, 8 ఎలా రాస్తాడు అన్నది అదే కార్డులో స్పష్టంగా ఉన్న చోట్ల నుంచి క్రాప్ చేసి పక్కన పెట్టుకోవాలి. మసక అంకెను మన ఊహలోని 8తో కాకుండా, ఆ గుమస్తా రాసిన 8తో పోల్చాలి.

ఫారం 3ఏలో వరుసలు ఏప్రిల్‌తో కాకుండా మార్చితో మొదలవుతాయి, ఎందుకంటే మార్చి జీతం మీద వాటా ఏప్రిల్‌లో కడతారు. షీట్‌లో ఏప్రిల్ నుంచి నెలలు లాగేస్తే అన్నీ ఒక వరుస జరిగిపోతాయి. ఈ కార్డులో నిండినవి నాలుగే వరుసలు, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. తమ్ముడు మొదటిసారి ఎక్కించింది ఇదీ:

```
నెల      | జీతం    | కార్మికుడు | యాజమాన్యం | పెన్షన్
నవంబర్   | 2[8]46 | 270      | 83        | 187
డిసెంబర్  | 2310   | 277      | 85        | 192
జనవరి    | 2310   | 277      | 85        | 192
ఫిబ్రవరి   | 2184   | 262      | 80        | 182
మొత్తం    | 9050   | 1086     | 333       | 753
```

నాలుగో పాఠం: కార్డే తన తప్పును పట్టిస్తుంది

ఇప్పుడు క్యాలిక్యులేటర్. జీతాల్ని కూడితే 9,650 వచ్చింది. కార్డు మీద మొత్తం 9,050. తేడా 600. పాత గుమస్తాలు తేడా రాగానే దాన్ని 9తో భాగించి చూస్తారు. సరిగ్గా భాగం పోతే రెండు అంకెలు అటూ ఇటూ మారి ఉండొచ్చు. 2310ని 2130 అని రాస్తే తేడా 180, అది 9తో పోతుంది. 600 పోదు. పైగా తేడా వందల స్థానంలోనే ఉంది, విలువ 6. అంటే ఏదో ఒక వందల అంకె ఆరు ఎక్కువ పడింది. అనుమానంగా బ్రాకెట్‌లో ఉన్నది కూడా వందల స్థానంలోని 8. ఆరు తీసేస్తే 2.

దీన్ని అడ్డంగా కూడా సరిచూడొచ్చు. కార్మికుడి వాటా జీతంలో 12 శాతం. యాజమాన్యం కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్‌కు, మిగతాది పీఎఫ్‌కు వెళ్తాయి. అన్నీ దగ్గరి రూపాయికి సర్దుతారు. జీతం బీ2 గడిలో ఉంటే షీట్‌లో ఈ ఫార్ములాలు చాలు:

```
=ROUND(B2*0.12,0)
=ROUND(B2*0.0833,0)
```

2846 పెడితే 342, 237 వస్తాయి. కార్డులో ఉన్నవి 270, 187. అదే 2246 పెడితే సరిగ్గా 270, 187. ఆ రెండింటి తేడా 83, అది కూడా కార్డులో ఉంది. నిలువుగా, అడ్డంగా రెండు దారుల్లో ఒకే అంకె వచ్చింది.

ఈ పద్ధతికి పరిమితి ఉంది, అదీ తెలియాలి. రూపాయికి సర్దడం వల్ల వాటాల నుంచి వెనక్కి లెక్కేస్తే జీతం 2,246 నుంచి 2,250 మధ్య ఎంతైనా కావచ్చు. అంటే వందల, పదుల స్థానాల్లో పెద్ద తప్పును ఇది పట్టేస్తుంది, చివరి అంకెను మాత్రం నిలువు మొత్తమే తేల్చాలి. ఇంకోటి, పెన్షన్ వాటాకు జీతంపై గరిష్ఠ పరిమితి ఉంటుంది. అప్పట్లో 5,000, 2001 జూన్ నుంచి 6,500, 2014 సెప్టెంబర్ నుంచి 15,000. జీతం పరిమితి దాటితే పెన్షన్ గడిలో వరసగా 417 లేదా 541 లాంటి ఒకే అంకె కనిపిస్తుంది. అలాంటి కార్డులో ఆ గడి నుంచి జీతం తేల్చలేం.

ఇంతకీ అది ఏ సంవత్సరం?

అసలు చిక్కుముడి విప్పిన అంకె కూడా ఈ లెక్కలోనే దొరికింది. పీఎఫ్ వాటా 12 శాతానికి పెరిగింది 1997 సెప్టెంబర్ 22న. అంతకుముందు ఆ రేటు లేనే లేదు. పదో కార్డులో నాలుగు నెలలూ 12 శాతమే పడింది. కాబట్టి యాప్ చెప్పినట్టు అది 1996 నవంబర్ కార్డు కావడానికి వీల్లేదు. అప్పటి 10 శాతం లెక్కన అయితే 2,246 మీద 225 పడాలి, 270 కాదు. 1997-98 కార్డు విడిగా, స్పష్టంగా ఉంది. 1999-2000 కార్డూ ఉంది. మిగిలింది 1998-99 ఒక్కటే.

తమ్ముడు వెంటనే సంవత్సరం గడిలో 1998 అని టైప్ చేయబోతే పెద్దాయన ఆపారు. “అది లెక్క చెప్పింది, నీ కన్ను చెప్పలే. కన్నుతోని ఇంకోసారి చూద్దాం.”

బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే ఇంకు పోయినా కాగితం మీద గాడి మిగులుతుంది. రాత్రి గదిలో లైటు తీసేసి, ఇంకో ఫోన్ టార్చ్‌ను కార్డుకు పక్కగా, దాదాపు బల్లకు ఆనించి వెలిగించారు. వెలుగు పక్క నుంచి జారుతూ పడితే గాడిలో నీడ నిలుస్తుంది. టార్చ్‌ను నాలుగు వైపుల నుంచీ మార్చి నాలుగు ఫొటోలు తీశారు, ఎందుకంటే వెలుగు వచ్చే దిక్కులోనే సాగే గీతకు నీడ పడదు. ఎడమ వైపు వెలుగులో అంకె కింది సున్నా కనిపించింది. పైనుంచి వేసిన వెలుగులో పై సున్నా సగం కనిపించింది. 6కు పైన మూసుకున్న సున్నా ఉండదు. అదే కార్డులో ఫిబ్రవరి జీతంలోని 8 పక్కన పెట్టి చూస్తే వంపు ఒకేలా ఉంది.

ఇప్పుడు సంవత్సరం గడిలో 199[8] అని రాశారు. బ్రాకెట్ తీయలేదు. పక్కన నోట్ గడిలో రెండు ముక్కలు: పక్క వెలుగు ఫొటోలో 8 గాడి పాక్షికంగా కనిపించింది, 12 శాతం రేటు 1997 సెప్టెంబర్ తర్వాతి కార్డని చెబుతోంది. నవంబర్ జీతానికీ అలాగే, 2[2]46 అని, మొత్తంతో సరిపోయిందని నోట్. చదివే అధికారికి ఏది కాగితం మీద ఉంది, ఏది మనం తేల్చాం అన్నది విడివిడిగా తెలుస్తుంది.

చివరగా పది కార్డుల్నీ రెండోసారి ఎక్కించారు. ఈసారి తమ్ముడి కూతురు ఫొటో చూసి చదివితే ఆయన టైప్ చేశారు, అదీ కింది వరుస నుంచి పైకి. రెండు షీట్లను పక్కపక్కన పెట్టి `=EXACT(B2,H2)` వేస్తే తేడా ఉన్న గడులు `FALSE` అని బయటపడ్డాయి. వాటిని మాత్రమే మళ్లీ ఫొటోలో చూసుకున్నారు.

ఈ టెక్స్ట్‌తో ఏం వస్తుంది, ఏం రాదు

టైప్ చేసిన షీట్ సాక్ష్యం కాదు. పీఎఫ్ ఆఫీసు తన లెడ్జర్‌తో, యాజమాన్యం పంపిన రిటర్నులతో పోల్చుకునే సర్వీసు తేలుస్తుంది. పెన్షన్ దరఖాస్తు ఫారం 10డీతో పాటు ఒరిజినల్ కార్డుల కాపీలు, పక్క వెలుగు ఫొటోల ప్రింట్లు, ఈ షీట్ జతచేశారు. షీట్ ఉపయోగం ఏమిటంటే, ఏ సంవత్సరం, ఏ నెల, ఎంత మొత్తం వెతకాలో అవతలి వాళ్లకు వేలు పెట్టి చూపిస్తుంది. ‘1998-99 నా సర్వీసులో కలపండి’ అనడానికీ, ‘1998-99 కింద పెన్షన్ వాటా 753 రూపాయలు జమ అయిందేమో చూడండి’ అనడానికీ తేడా ఉంది. రెండో ప్రశ్నకు లెడ్జర్‌లో అవుననో కాదనో జవాబు దొరుకుతుంది.

మీరు చేసేటప్పుడు ఓ జాగ్రత్త. ఆన్‌లైన్‌లో చదివే యాప్‌లకు ఫొటో ఇచ్చే ముందు పేరు, ఖాతా నంబర్ ఉన్న భాగాన్ని క్రాప్ చేసేయండి. చదివించాల్సింది అంకెల పట్టికనే కదా.

ఏ ఫోన్ కావాలి?

దీనికోసం కొత్త ఫోన్ కొనక్కర్లేదు. వీళ్లు వాడింది 13 మెగాపిక్సెల్ కెమెరా ఉన్న పాత బడ్జెట్ ఫోన్. 50 మెగాపిక్సెల్ ఫోన్లు కూడా మామూలు మోడ్‌లో పిక్సెళ్లను కలిపి దాదాపు 12 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తాయి. చూసుకోవాల్సింది రెండే. దగ్గరి వస్తువు మీద ఫోకస్ సరిగ్గా లాక్ అవ్వాలి, ఫొటో తీశాక జూమ్ చేస్తే అంకెల అంచులు నూనె పూసినట్టు నున్నగా కాకుండా గరుకుగానైనా కనిపించాలి. కొన్ని ఫోన్లు నాయిస్ తగ్గించే పేరుతో సన్నటి గీతల్ని తుడిచేస్తాయి. అలాంటి ఫోన్‌లో ప్రో మోడ్‌కు వెళ్లి ఐఎస్ఓ 100 పెట్టి, ఫోన్‌ను పుస్తకాల దొంతరకు ఆనించి, మూడు సెకన్ల టైమర్‌తో తీయండి. టార్చ్‌కు మాత్రం ఇంకో ఫోన్ పక్కింట్లో అడిగి తెచ్చుకోవాలి.